తెలుగు మెసేజ్‌లో ఇంగ్లిష్ మాటల్ని ఫోను సరిగ్గా చదవాలంటే ఎలా రాయాలి?

చూపు తగ్గిన పెద్దవాళ్ళు, అసలు చూపు లేనివాళ్ళు చాలామంది ఇప్పుడు వాట్సాప్ మెసేజ్‌లు విని తెలుసుకుంటున్నారు. ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్, ఐఫోనులో వాయిస్‌ఓవర్ తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపిస్తాయి. మనం పంపింది మొత్తం తెలుగైతే పెద్దగా ఇబ్బంది ఉండదు. మధ్యలో ఇంగ్లిష్ మాట వస్తే మాత్రం ఒక్కోసారి గొంతే మారిపోతుంది, ఒక్కోసారి మాట విరిగిపోతుంది. మందుల గురించి రాసిన మెసేజ్‌లో ఇలా జరిగితే వినేవాళ్ళకి నిజంగా టెన్షన్. రాసేవాళ్ళు పద్ధతి కొంచెం మార్చుకుంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

అసలు తప్పు ఎక్కడ జరుగుతుంది?

చదివే సాఫ్ట్‌వేర్ ముందుగా చూసేది అక్షరాలు ఏ లిపివన్నది. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకి U+0C00 నుంచి U+0C7F వరకు విడిగా చోటు ఉంది. ఆ వరసలోని అక్షరాలు కనబడితే తెలుగు పద్ధతిలో పలుకుతుంది. మన లిపిలో రాతకీ పలుకుకీ తేడా తక్కువ కాబట్టి ఈ పని దానికి తేలిక.

ఇంగ్లిష్ అక్షరాలు కనబడగానే పరిస్థితి మారుతుంది. ఇంగ్లిష్‌లో though, tough రెండింటికీ చివర ఒకే అక్షరాలున్నా పలుకు వేరు. అందుకే ఉచ్చారణ కోసం పెద్ద పదాల పట్టిక కావాలి. పట్టికలో లేని మాటని ఊహించి పలకాలి. మన ఊళ్ళ పేర్లు, ఇంటిపేర్లు, మందుల పేర్లు తప్పుగా వినబడటానికి ఎక్కువగా ఈ ఊహే కారణం.

పైగా అన్ని ఫోన్లూ ఒకేలా చదవవు. కొన్ని ఆ ఒక్క మాటకి ఇంగ్లిష్ గొంతులోకి వెళ్ళి మళ్ళీ తెలుగులోకి వస్తాయి. కొన్ని తెలుగు గొంతుతోనే ఇంగ్లిష్ మాటని లాక్కొస్తాయి. ఇంకొన్ని అక్షరం అక్షరంగా చెబుతాయి. మన ఫోనులో బాగానే వినబడింది కదా అని వదిలేయడం సరిపోదు.

మొదట సెట్టింగ్ చూడండి

తెలుగు ముక్కలన్నీ వదిలేసి ఇంగ్లిష్ మాటలు మాత్రమే వినబడుతుంటే లోపం మీ రాతలో లేదు. ఆ ఫోనులో తెలుగు గొంతు లేకపోయి ఉండొచ్చు, లేదా దాన్ని ఎంచుకోకపోయి ఉండొచ్చు. ఆండ్రాయిడ్‌లో Settings తెరిచి Accessibility లోకి వెళితే Text-to-speech output కనబడుతుంది. కంపెనీని బట్టి ఇది వేరే చోట ఉండొచ్చు, సెట్టింగ్స్‌లో వెతికితే దొరుకుతుంది. అందులో భాషగా తెలుగు ఎంచుకుని, తెలుగు గొంతు డౌన్‌లోడ్ చేయాలి. ఇది సరిచేశాకే రాతలో మార్పుల సంగతి.

ఒక మెసేజ్‌ని మార్చి చూద్దాం

ఊళ్ళో ఉన్న అమ్మకి కొడుకు ఇలా పంపాడనుకుందాం:

> అమ్మా, Paracetamol 650 mg tab 1-0-1, food తర్వాత, 5 days. Blood test reportని తీసుకుని 12/05న 10:30కి OPలో doctorని కలువు.

కంటితో చదివితే ఇందులో ఇబ్బందేమీ లేదు. చెవితో వింటే సగం పోతుంది. tab అన్నది మాత్ర అని ఫోనుకి తెలియదు. 1-0-1 అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని మనకి అలవాటు. ఫోను దాన్ని మూడు అంకెలుగా చదివి ఊరుకోవచ్చు, మధ్యలో గీతని మైనస్ అని కూడా అనొచ్చు. 12/05 అన్నది పన్నెండు బై ఐదు కావచ్చు, అమెరికా పద్ధతిలో డిసెంబరు 5 కావచ్చు.

అన్నిటికంటే ఎక్కువ చోట్ల దెబ్బతినేది reportని, OPలో, doctorని లాంటి మాటలు. ఒకే మాటలో రెండు లిపులున్నాయి కాబట్టి ఫోను దాన్ని రెండు ముక్కలుగా చూస్తుంది. ఇంగ్లిష్ ముక్క చదివి, చిన్న విరామం ఇచ్చి, ‘ని’ అని విడిగా అనొచ్చు. ఆ ‘ని’ దేనికి సంబంధించిందో వినేవాళ్ళకి అందదు.

దీనికి మందు మన మాటలోనే ఉంది. ఇంగ్లిష్ మాటకి విభక్తి తగిలించేటప్పుడు మనం మామూలుగా చివర అచ్చు చేర్చి పలుకుతాం: రిపోర్టుని, బస్సులో, బ్యాంకుకి. అలాగే తెలుగు లిపిలో రాస్తే మాట మొత్తం ఒకే ముక్కగా, ఒకే గొంతులో వస్తుంది. పొల్లుతో ‘రిపోర్ట్ని’ అని కలిపి రాస్తే ట వత్తుకి తోడు న వత్తు కూడా చేరి పలుకు బిగుసుకుపోతుంది. అందుకే నేను ఎప్పుడూ ‘రిపోర్టుని’ వైపే ఉంటాను.

ఇప్పుడు అదే మెసేజ్:

> అమ్మా, పారాసెటమాల్ 650 ఎంజీ మాత్ర. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకో. మధ్యాహ్నం వద్దు. అన్నం తిన్నాకే వేసుకో. ఐదు రోజులు వాడాలి. మే 12న పొద్దున పదిన్నరకి రక్తపరీక్ష రిపోర్టు తీసుకుని ఓపీకి వెళ్ళు. అక్కడ డాక్టరు గారిని కలువు.

కొంచెం పొడుగైంది. అయినా ప్రతి వాక్యం దగ్గరా గొంతు ఆగుతుంది, వినేవాళ్ళకి గుర్తుపెట్టుకునే వీలు దొరుకుతుంది. వినేవాళ్ళకోసం రాసేటప్పుడు చిన్న వాక్యాలు, వాటి చివర చుక్కలు చాలా అవసరం.

తెలుగు లిపిలో రాసేటప్పుడు

స్పెల్లింగ్‌ని వదిలేసి నోటితో ఎలా అంటామో అలా రాయండి. హ్రస్వం, దీర్ఘం దగ్గర జాగ్రత్త. టెస్ట్ అనాల్సిన చోట టేస్ట్ అని రాస్తే రక్తపరీక్ష కాస్తా రుచి అయిపోతుంది. సెల్, సేల్ కూడా అంతే.

పొట్టి పేర్లని కూడా పలికినట్టే రాయాలి. ATM ని అక్షరాలుగా అంటాం, PAN ని ఒక మాటగా అంటాం. ఈ తేడా ఫోను ఊహించాలి, ఊహ తప్పొచ్చు. ఏటీఎం, పాన్ కార్డు అని రాస్తే ఊహించే అవసరమే లేదు.

ఇక తెలుగునే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే అలవాటు. వినేవాళ్ళకి ఇది అన్నిటికంటే కష్టం. ‘అరె’ అనుకుని are అని టైప్ చేస్తే ఫోను ‘ఆర్’ అంటుంది. మెసేజ్ మొత్తం ఇలాగే సాగితే ఏ భాషలో ఉందో కూడా తెలియదు. టైపింగ్ కష్టమైతే కీబోర్డు భాషగా తెలుగు పెట్టుకుని, మైకు నొక్కి తెలుగులో చెప్పండి, అక్షరాలు తెలుగులోనే పడతాయి. పంపేముందు ఒకసారి చూసుకుంటే చాలు.

ఇంగ్లిష్‌లోనే ఉంచాల్సినవి

ఈమెయిల్, యూపీఐ ఐడీ, వెబ్‌సైటు చిరునామా, పాస్‌వర్డు తెలుగు లిపిలోకి మార్చకూడదు. వాటిని కాపీ చేసుకోవాలి, అక్షరం తప్పకూడదు. వీటిని వాక్యం మధ్యలో ఇరికించకుండా విడిగా ఒక వరసలో పెట్టండి. అప్పుడు టాక్‌బ్యాక్ వాడేవాళ్ళు రీడింగ్ కంట్రోల్స్‌లో అక్షరాలు ఎంచుకుని, ఆ వరసని ఒక్కో అక్షరంగా వినగలుగుతారు. మందు పేరు కూడా ఇలా చివర ఒకసారి ఇంగ్లిష్‌లో ఇస్తే మందుల షాపులో చూపించడానికి పనికొస్తుంది.

ఓటీపీలు, ఫోను నంబర్లు అంకెల మధ్య ఖాళీ వదిలి రాయండి. కలిపి రాస్తే ఆరంకెల ఓటీపీని లక్షల్లో చదివే ఫోన్లున్నాయి.

మార్చి రాసిన మెసేజ్‌ని ముందు మీ ఫోనులో, తెర చూడకుండా వినండి. ఆండ్రాయిడ్‌లో Select to Speak ఆన్ చేసుకుంటే టాక్‌బ్యాక్ లేకుండానే వినొచ్చు. తర్వాత అమ్మకో నాన్నకో ఫోన్ చేసి మందు ఎప్పుడెప్పుడు వేసుకోవాలని వినబడిందో వాళ్ళనే చెప్పమనండి. ఎక్కడ తడబడ్డారో ఆ మాటని మాత్రం మార్చి, ఇకమీద ఆ ఫోనుకి పంపే మెసేజ్‌లలో మార్చిన రూపమే వాడండి.