డబ్బు పడింది, ఆర్డర్ ఎవరిదో తెలియట్లేదు: చిన్న సైట్‌కి యూపీఐ లింకు చాలా, గేట్‌వే కావాలా?

బరంపురంలో మా పిన్ని అప్పడాలు, వడియాలు చేసి అమ్ముతుంది. కొనేవాళ్లలో సగం మంది ఇక్కడివాళ్లే, మిగతా సగం సరిహద్దు దాటితే వచ్చే ఇచ్ఛాపురం, సోంపేట వాళ్లు. వాళ్ల కోసం నాలుగు పేజీల సైట్ చేసి, డబ్బు కట్టడానికి పిన్ని సొంత ఖాతా మీదున్న యూపీఐ ఐడీతో ఒక లింకు, ఒక క్యూఆర్ పెట్టాను. సైట్ తరఫున డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వేకి కమిషన్ ఎందుకు దండగ అనుకున్నాను. తర్వాత వచ్చిన తిప్పలు ఇవి, వచ్చిన వరుసలోనే రాస్తున్నాను.

"బటన్ నొక్కితే ఏమీ అవ్వట్లేదు బాబూ"

ముందు అడగాల్సిన ప్రశ్న: సైట్ ఎక్కడ తెరిచారు? లింకు ఇలా ఉంటుంది:

```
upi://pay?pa=shop@bank&pn=Pinni%20Appadalu&am=480.00&cu=INR&tn=ORD107
```

ఇది వెబ్ పేజీ చిరునామా కాదు, ఫోన్లో ఉన్న యూపీఐ యాప్‌ని తెరవమని చెప్పే పిలుపు. కంప్యూటర్లో ఆ యాప్ లేదు కాబట్టి పిలిచినా పలికేవాళ్లుండరు. సోషల్ మీడియా యాప్‌లో లింకు నొక్కితే ఆ యాప్ లోపలే ఒక చిన్న బ్రౌజర్ తెరుచుకుంటుంది కదా, అందులో చాలాసార్లు `ERR_UNKNOWN_URL_SCHEME` అని వస్తుంది. ఐఫోన్లో ఇంకో రకం, ఏ యాప్ కావాలని అడగకుండా ఏదో ఒకటి తెరుచుకుంటుంది. నేను చేసిన మార్పు ఏంటంటే, కంప్యూటర్లో క్యూఆర్ మాత్రమే, ఫోన్లో బటన్, దాని కిందే యూపీఐ ఐడీ, కాపీ చేసుకునే వీలుతో. బటన్ పని చేయకపోతే ఐడీ కాపీ చేసి నేరుగా యాప్‌లో కట్టేస్తారు.

యాప్ తెరుచుకుని కట్టాల్సిన మొత్తం ఖాళీగా వస్తే లింకులోనే తప్పుంది. `1,240` అని కామా పెట్టినా, షాపు పేరులో `&` గుర్తుని `%26` అని మార్చకుండా వదిలేసినా అక్కడి నుంచి అంతా తారుమారే.

"లిమిట్ దాటిందంటోంది, నేను కట్టేది రెండు వేల ఆరొందలే కదా"

ఫోన్లో క్యూఆర్ తీసేయకముందు ఈ ఫోన్ వచ్చినప్పుడు నాకు నిజంగా అర్థం కాలేదు, ఎందుకంటే మామూలుగా యూపీఐలో రోజుకి లక్ష దాకా పంపొచ్చు. తీరా చూస్తే ఆవిడ ఫోన్లోనే సైట్ చూస్తోంది, అదే ఫోన్‌తో ఆ తెర మీదున్న క్యూఆర్‌ని స్కాన్ చేయలేదు కాబట్టి స్క్రీన్‌షాట్ తీసి గ్యాలరీ నుంచి ఎక్కించింది. అలా గ్యాలరీ నుంచి తీసుకున్న వ్యక్తిగత క్యూఆర్‌కి పరిమితి ₹2,000. ఐడీ కొట్టి పంపితే డబ్బు వెళ్తుంది. సొంత ఖాతా ఐడీతో, మొత్తం ముందే నింపిన లింకుల్ని కూడా కొన్ని యాప్‌లు భద్రత పేరుతో ఆపేస్తుంటాయి. ఈ గోల తగ్గాలంటే వ్యాపారి ఖాతా, అంటే మర్చంట్ క్యూఆర్ తీసుకోవాలి. బ్యాంకులోనూ ఇస్తారు, యూపీఐ యాప్‌ల వ్యాపారి విభాగంలోనూ ఇస్తారు.

దానితో ఇంకో చిక్కు కూడా తీరింది. లింకులో `pn` దగ్గర షాపు పేరు రాసినా కట్టేవాళ్లకి కనిపించేది బ్యాంకు ఖాతాలో ఉన్న పేరే. పిన్ని ఖాతాలో ఇంటిపేరుతో సహా పూర్తి పేరుంది, దాన్ని చూసి "ఇదెవరు?" అని ఆగిపోయినవాళ్లు ఉన్నారు. మర్చంట్ ఖాతా వచ్చేదాకా బటన్ పక్కనే "తెర మీద ఫలానా పేరు కనిపిస్తుంది" అని రాసి పెట్టాను.

డబ్బు వచ్చింది, ఎవరు కట్టారో తెలియట్లేదు

అసలు తలనొప్పి ఇదే. దసరా ముందు ఒకే రోజు ₹480 ఆర్డర్లు మూడు వచ్చాయి, ముగ్గురూ స్క్రీన్‌షాట్లు పంపారు, ఖాతాలో మాత్రం ₹480 రెండుసార్లే పడింది. మూడో స్క్రీన్‌షాట్ దొంగదా, లేక ఆ డబ్బు ఇంకా దారిలో ఉందా?

కారణం చాలా చిన్నది. యాప్‌లో డబ్బు కట్టేశాక ఆ సంగతి మీ సైట్‌కి చెప్పేవాళ్లు ఎవరూ లేరు. లింకు పని యాప్ తెరవడంతోనే అయిపోతుంది. కట్టినవాళ్లు వెనక్కి వచ్చి "కట్టేశాను" బటన్ నొక్కారంటే అది వాళ్ల మాటే తప్ప బ్యాంకు మాట కాదు. స్క్రీన్‌షాట్ అయితే బొమ్మ, ఎవరైనా తయారు చేయగలరు.

ఖర్చు లేకుండా చేసిన ఉపాయం పైసలు. ఆర్డర్ నంబరు చివరి రెండంకెల్ని పైసల్లో పెట్టాను: 107వ ఆర్డర్‌కి ₹480.07, 108కి ₹480.08. బ్యాంకు స్టేట్‌మెంట్లో మొత్తం చూస్తే చాలు, ఆర్డర్ తెలిసిపోతుంది. `tn` నోట్ మీద ఆధారపడకండి, అన్ని స్టేట్‌మెంట్లలో అది కనిపించదు. ఐడీ కొట్టి కట్టేవాళ్లు మాత్రం పైసలు వదిలేసి ₹480 పంపుతారు, "ఏడు పైసలేంటమ్మా" అని నవ్వుతారు కూడా. అలాంటివాళ్ల దగ్గర ఆ చెల్లింపుకి వచ్చే 12 అంకెల యూటీఆర్ నంబరు అడిగి, దాన్ని ఖాతాలో వెతికి, దొరికాకే పార్సిల్ కట్టాలి. ఆ మూడో స్క్రీన్‌షాట్‌లోని నంబరు ఖాతాలో రెండు రోజులైనా దొరకలేదు. పార్సిల్ పంపలేదు, అవతల నుంచి మళ్లీ ఫోనూ రాలేదు.

గేట్‌వే పెట్టాక కూడా "పెండింగ్"

రోజుకి ఆర్డర్లు పది దాటాక పిన్ని రాత్రి పదకొండింటికి కూర్చుని స్టేట్‌మెంట్ సరిచూడటం చూసి గేట్‌వే పెట్టాను. పాన్, బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వాలి, సైట్లో రిఫండ్ నియమాలు, సంప్రదించే వివరాల పేజీలు ఉండాలి. కమిషన్ 2% అనుకుంటే, నెలకి నలభై ₹480 ఆర్డర్లకి, అంటే ₹19,200కి ₹384, దాని మీద 18% జీఎస్టీ ₹69, మొత్తం ₹453. మీ ప్లాన్లో యూపీఐకి ఎంత, కార్డుకి ఎంత అని విడిగా అడగండి. నెలకి నలభై ఆర్డర్లయితే నా లెక్కలో పైసల ఉపాయమే నయం.

మొదటి రోజు టెస్టులో ₹4.80 కట్టమంది. ఆ గేట్‌వేకి మొత్తం పైసల్లో ఇవ్వాలి, `480` కాదు `48000`. అది నా తొందరపాటు.

తర్వాతది కాస్త లోతైనది. డబ్బు కట్ అయ్యింది, గేట్‌వే డ్యాష్‌బోర్డులో విజయవంతం అని ఉంది, మన సైట్లో మాత్రం ఆర్డర్ పెండింగ్. కట్టినవాళ్ల బ్రౌజర్ తిరిగి మన పేజీకి వచ్చినప్పుడే "కట్టారు" అని గుర్తు పెట్టేలా రాశాను. యూపీఐ యాప్‌లో కట్టేసి ఫోన్ జేబులో పెట్టుకునేవాళ్లు, రైల్లో సిగ్నల్ పోయేవాళ్లు ఆ పేజీకి ఎప్పటికీ రారు. దీనికి వెబ్‌హుక్ పెట్టాలి: డబ్బు పడగానే గేట్‌వే సర్వరే నేరుగా మన సర్వర్‌కి కబురు పంపుతుంది. దాంతోపాటు వచ్చే సంతకాన్ని రహస్య కీతో సరిచూడాలి, లేకపోతే ఆ చిరునామా తెలిసిన ఎవరైనా దొంగ కబురు పంపొచ్చు. ఒకే కబురు రెండుసార్లు రావచ్చు, అప్పుడు రెండు పార్సిళ్లు వెళ్లకుండా పేమెంట్ ఐడీ ముందే నమోదైందో లేదో చూడాలి.

సర్వర్ లేని, ఉత్త హెచ్‌టీఎమ్‌ఎల్ సైట్ అయితే వెబ్‌హుక్ అందుకునే చోటే ఉండదు. అలాంటప్పుడు గేట్‌వేవాళ్లే ఇచ్చే పేమెంట్ లింకు వాడండి, ఎవరు కట్టారో వాళ్ల డ్యాష్‌బోర్డులోనే కనిపిస్తుంది.