జాయినింగ్ వాయిదా అని మెయిల్ వచ్చిందా? జవాబు ఇలా రాయండి

హైదరాబాద్‌లో ఒక ఐటీ ఉద్యోగి అనుకోండి. కొత్త కంపెనీ ఆఫర్ లెటర్ చేతికొచ్చాక మే 2న రాజీనామా పెట్టారు. నోటీసు 90 రోజులు కాబట్టి ఆఖరి రోజు జూలై 31. ఆగస్టు 4న కొత్తచోట చేరాలి. జూలై 22 సాయంత్రం హెచ్‌ఆర్ నుంచి రెండే ముక్కలు: “వ్యాపార కారణాల వల్ల మీ జాయినింగ్ వాయిదా పడింది. కొత్త తేదీ తర్వాత చెబుతాం.”

1. ముందు కాగితాలు దాచుకోండి. ఆఫర్ లెటర్, మీరు ఒప్పుకున్న మెయిల్, జాయినింగ్ తేదీ ఉన్న మెయిల్ మీ సొంత మెయిల్‌లోకి తెచ్చుకోండి. కంపెనీ పోర్టల్ లాగిన్ రేపు పనిచేయకపోవచ్చు. చేతిలో ఉన్నది ఆఫర్ లెటరా, ఉద్యోగం ఇచ్చే ఉద్దేశం మాత్రమే తెలిపే ఉత్త లెటర్ ఆఫ్ ఇంటెంటా అన్నది కూడా చూడండి. రెండోది అయితే మీ మాటకు బలం తక్కువ.

2. ఆ గంటలోనే జవాబు పెట్టకండి, మర్నాడు దాటనివ్వకండి. “ఓకే, నోటెడ్” అనే అలవాటు మాట ఇక్కడ వద్దు. వాయిదాకు మీరు ఒప్పుకున్నట్టే అర్థం తీయొచ్చు.

3. వాయిదా అని చెప్పిన మెయిల్‌కే రిప్లై ఆల్ కొట్టి, ఇలా రాయండి (ఇంగ్లీషులోనూ ఇదే వరుస):

“మీ మెయిల్ అందింది. మీ ఆఫర్ మీద ఆధారపడి మే 2న రాజీనామా చేశాను. ఇక్కడ నా ఆఖరి రోజు జూలై 31. దయచేసి ఈ మూడు విషయాలు తెలపండి. ఆఫర్ ఇంకా అమల్లోనే ఉందా? కొత్త తేదీ ఎప్పుడు, అది తేలకపోతే ఏ రోజులోగా చెబుతారు? జీతం, హోదా, ఊరు మారవు కదా? జూలై 25లోగా జవాబిస్తే ఇక్కడి విషయం తేల్చుకోగలను.”

కోపం, బతిమాలడం, లాయరు ప్రస్తావన మొదటి మెయిల్‌లో అక్కర్లేదు. రాజీనామా తేదీ ఒక్కటే చాలు, మీకు జరిగే నష్టం వాళ్లకు తెలుస్తుంది. పైగా రేపు అవసరమైతే ఆ వాక్యమే రికార్డు.

ఆఫర్ వెనక్కి తీసుకున్నామని నేరుగా రాస్తే ప్రశ్నలు మారతాయి: కారణం ఏమిటి, ఈ నిర్ణయం ఖరారేనా, మరో టీమ్‌లో ఖాళీ ఉందా, పరిహారం ఏమైనా ఇస్తారా. “పరస్పర అంగీకారంతో రద్దు” అని సంతకం అడిగితే, తెలిసినవాళ్లకు చూపించకుండా పెట్టకండి.

4. హెచ్‌ఆర్ ఫోన్ చేసి “ఏం కాదండీ, రెండు వారాలే” అంటే సరేనని ఊరుకోవద్దు. ఫోన్ పెట్టేయగానే “ఇప్పుడు మీరు చెప్పింది నాకు ఇలా అర్థమైంది, తప్పుంటే చెప్పండి” అని మెయిల్ చేయండి.

5. జవాబు వచ్చేదాకా ఆగకుండా ఇప్పటి మేనేజరుతో మాట్లాడండి. రాజీనామా వెనక్కి తీసుకోవాలంటే కంపెనీ ఒప్పుకోవాలి. మీ స్థానంలో ఇంకెవరినైనా తీసుకున్నారా అన్నదాని మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది. జూలై 31 దాటి, రిలీవింగ్ లెటర్ చేతికొచ్చాక అడిగితే మళ్లీ కొత్తగా ఇంటర్వ్యూకి రమ్మనొచ్చు.