పేరు మార్చాలా, ఉంచాలా? ఐదో పాఠం: ‘సత్యం’ పేరును నాలుగేళ్లు ఎందుకు ఉంచారు

పోయిన పాఠం చివర మ్యాగీ నూడుల్స్ కేసు ఇచ్చి, సీసం ఎక్కువుందన్న ఆరోపణతో వాటిని నిషేధించిన 2015 జూన్‌లో మీరే ఆ కంపెనీలో ఉంటే పేరు మారుస్తారా, ఉంచుతారా అని అడిగాను. జవాబుల్లో ఎక్కువమంది మార్చేస్తామన్నారు. నిషేధం ఎత్తేసేలోపే కొత్త పేరు, కొత్త రంగు ప్యాకెట్‌తో రావాలని కొందరు రాశారు. ఈ జవాబును ఇక్కడే సరిచేయకపోతే ముందుకు వెళ్లలేం. అందుకని ఈసారి చెబుదామనుకున్న లోగో, రంగుల సంగతి పక్కన పెడుతున్నాను.

మ్యాగీని పిల్లాడు పేరు పెట్టి అడుగుతాడు. కొట్లో వేరే కంపెనీ నూడుల్స్ ఉన్నా ‘మ్యాగీ ఇవ్వండి’ అంటాడు. ఆ పేరు తీసేస్తే ఆ పిల్లాడు అడగడానికి మాటే ఉండదు. పైగా అక్కడి ఆరోపణ సీసం గురించి, రుచి పెంచడానికి కలిపే ఎంఎస్‌జీ విషయంలో ‘అదనపు ఎంఎస్‌జీ లేదు’ అన్న లేబుల్ గురించి. రెండూ పరీక్షతో తేలే విషయాలు. ఆగస్టులో బొంబాయి హైకోర్టు నిషేధం కొట్టేసి మళ్లీ పరీక్షలు చేయించమంది. పరీక్షల్లో నెగ్గాక నవంబరులో సరుకు అదే పేరుతో కొట్లోకి వచ్చింది. ల్యాబ్ రిపోర్టుతో తొలగే మచ్చకు పేరును బలివ్వక్కర్లేదు. పైగా పేరు మార్చి ఉంటే ఆ రిపోర్టు మ్యాగీకి చెందేది, కొత్త ప్యాకెట్‌కు దాని వల్ల ఒరిగేదేమీ ఉండేది కాదు.

మీ జవాబుల్లో నాకు కనిపించిన అసలు తడబాటు ఒకటే. పేరు మారిస్తే పాత కస్టమర్లు మరచిపోతారని మీరు అనుకుంటున్నారు. వాళ్లు మరచిపోరు. మీ దగ్గర కొన్నవాళ్లకి, మీతో కాంట్రాక్టు ఉన్నవాళ్లకి మీరెవరో తెలుసు. పేరు మార్పు పనిచేసేది మిమ్మల్ని ఇంకా ఎరగనివాళ్ల దగ్గరే. అందుకే ముందు ఈ లెక్క వేయాలి: మీ రాబడి పాతవాళ్ల నుంచి ఎంత వస్తోంది, కొత్తవాళ్ల నుంచి ఎంత రావాలి? ఈ లెక్కను చక్కగా వేసినవాళ్ల కథ మన హైదరాబాద్‌లోనే ఉంది.

2009 జనవరి 7న సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటకొచ్చింది. ఖాతాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో రూ. 5,040 కోట్లు అసలు లేవని అందులో ఒప్పుకున్నారు. రెండు రోజుల్లో కేంద్రం పాత బోర్డును తప్పించి కొత్త డైరెక్టర్లను వేసింది. ఏప్రిల్‌లో కంపెనీ వాటాకు వేలం జరిగితే మహీంద్రా గ్రూపులోని టెక్ మహీంద్రా షేరుకు రూ. 58 చొప్పున పాడి గెలిచింది. జూన్‌లో కొత్త పేరు ప్రకటించారు: మహీంద్రా సత్యం.

ఆ రోజుల్లో చాలామంది దీన్ని తప్పుపట్టారు. కుంభకోణానికి మారుపేరైపోయిన ‘సత్యం’ను ఇంకా ఎందుకు మోయాలన్నది వాళ్ల ప్రశ్న. కానీ దొంగతనం ఎక్కడ జరిగిందో చూడండి. జరిగింది ఖాతా పుస్తకాల్లో. ఇంజనీర్లు రాసిన ప్రోగ్రాములు క్లయింట్ల దగ్గర ఎప్పటిలాగే నడుస్తున్నాయి. అమెరికాలోని క్లయింటు ఆఫీసులో కూర్చున్న ప్రాజెక్టు మేనేజర్‌కు సత్యం అంటే తనకు తెలిసిన ఇరవై, ముప్పై మంది మనుషులు. ‘సత్యం’ పూర్తిగా తీసేసి ఉంటే ఆ మేనేజర్‌కు అందే సందేశం వేరేగా ఉండేది: మీరు కాంట్రాక్టు రాసుకున్న సంస్థ ఇక లేదు, మళ్లీ మొదటి నుంచి ఆలోచించుకోండి అని. పోటీ కంపెనీలు గుమ్మంలో నిలబడి ఉన్న సమయంలో అలాంటి ఆహ్వానం ఎవరూ పంపకూడదు.

అదే సమయంలో కొత్త క్లయింట్ల కొనుగోలు విభాగాలు ‘సత్యం’ పేరు చూడగానే ఫైలు పక్కన పెడతాయి. అక్కడ ముందున్న ‘మహీంద్రా’ మాట్లాడుతుంది: డబ్బు ఎవరిది, బోర్డులో ఎవరున్నారు, రేపు జీతాలు ఎవరిస్తారు అన్న ప్రశ్నలకు అది జవాబు. అంటే రెండు మాటల్లో మొదటిది కొత్తవాళ్ల కోసం, రెండోది పాతవాళ్ల కోసం. సంస్థ చట్టపరమైన పేరు మాత్రం సత్యం కంప్యూటర్ సర్వీసెస్ లిమిటెడ్‌గానే ఉండిపోయింది. మార్చింది వాడుక పేరును.

మరి రెండో మాటను ఎప్పుడు తీశారు? తేదీ చూసుకుని తీయలేదు, పనులు తెమిలాక తీశారు. సరిదిద్దిన ఖాతాలు 2010 సెప్టెంబరు చివర బయటకొచ్చాయి. అమెరికాలో వాటాదారుల దావా, అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థతో గొడవ 2011లో రాజీ అయ్యాయి. విలీనం ప్రకటన 2012 మార్చిలో వచ్చింది. 2013 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆమోదంతో కంపెనీ మొత్తం టెక్ మహీంద్రాలో కలిసిపోయింది, ‘సత్యం’ పోయింది. హైదరాబాద్ కోర్టు శిక్షలు వేసింది 2015 ఏప్రిల్‌లో. పత్రికలు మళ్లీ ‘సత్యం కేసు’ అని పతాక శీర్షికలు పెట్టేనాటికి ఆ పేరుతో కంపెనీయే లేదు. ఖాతాలు, దావాలు తెమలకముందే 2009లో తీసేసి ఉంటే ఆ రెండేళ్ల వార్తలన్నీ ‘ఒకప్పటి సత్యం’ అంటూ కొత్త పేరు పక్కనే అచ్చయ్యేవి. కొత్త పేరుకు మచ్చ అలాగే అంటుతుంది.

ఇక నన్ను ఎక్కువ విసిగించే సంగతికి వస్తాను. ‘వారంలో పేరు మార్చేద్దాం’ అని రాసినవాళ్లు దీన్ని నిదానంగా చదవండి. మన దేశంలో రిజిస్టరైన కంపెనీ తన చట్టపరమైన పేరును వారంలో మార్చలేదు, మార్చినా పాతదాన్ని దాచలేదు. ముందు కొత్త పేరును కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర రిజర్వు చేయించుకోవాలి. ఉన్న కంపెనీకి ఆ రిజర్వేషన్ అరవై రోజులు నిలుస్తుంది. ఆలోపు వాటాదారుల సమావేశంలో ప్రత్యేక తీర్మానం నెగ్గాలి, అంటే వ్యతిరేక ఓట్లకు కనీసం మూడు రెట్లు అనుకూల ఓట్లు పడాలి. ఆ తీర్మానాన్ని ముప్పై రోజుల్లో MGT-14 ఫారంతో దాఖలు చేయాలి. పేరు మార్పుకు INC-24 వేయాలి. రిజిస్ట్రార్ కొత్త సర్టిఫికెట్ ఇచ్చేదాకా పాత పేరే మీ పేరు.

కుంభకోణంలో ఉన్న కంపెనీకి ఇంకో అడ్డు ఉంది. వార్షిక రిటర్నులు గానీ, ఆర్థిక నివేదికలు గానీ దాఖలు చేయకుండా బాకీ పెట్టినవాళ్లకు, గడువు తీరిన డిపాజిట్లు తిరిగి ఇవ్వనివాళ్లకు పేరు మార్పు కుదరదు. ఖాతాలే తప్పుడివని తేలిన కంపెనీ మొదట పడేది సరిగ్గా ఈ గోతిలోనే. లెక్కలు తేలనిదే నివేదిక ఇవ్వలేరు, నివేదిక ఇవ్వనిదే పేరు మారదు.

అన్నీ దాటి పేరు మారిందే అనుకుందాం. కంపెనీల చట్టం 12వ సెక్షన్ ప్రకారం గత రెండేళ్లలో పేరు మార్చిన కంపెనీ తన బోర్డు మీద, లెటర్‌హెడ్ మీద, బిల్లుల మీద కొత్త పేరుతో పాటు పాత పేరు కూడా రాయాలి. రెండేళ్లపాటు! పాత పేరును జనం మరచిపోవాలని మార్పు మొదలుపెట్టినవాళ్లు, దాన్ని తమ ఖర్చుతో, తమ గోడ మీద, తమ ప్రతి బిల్లు మీద అచ్చు వేయించుకుంటారు. పాన్ నంబరూ మారదు. టెండరు వేసినప్పుడు పాత పేరు చెప్పకుండా తప్పించుకునే దారి లేదు. కాబట్టి మార్చేటట్టయితే చెప్పి మార్చండి. పాత పేరును చదవడానికి వీల్లేని అక్షరాలతో మూలకు తోసే డిజైన్లను నేను ఒప్పుకోను. అది చూసినవాడికి ముందు కలిగేది అనుమానమే. నా వరకు, సత్యం విషయంలో చేసినట్టు చట్టపరమైన పేరును కదపకుండా ముందు వాడుక పేరును మార్చి, ఏడాదో రెండేళ్లో చూడటమే ఇష్టం. వెనక్కి వెళ్లాల్సి వస్తే ఖర్చు తక్కువ.

రామలింగరాజు కుటుంబంతో ముడిపడిన ఇంకో మూడు పేర్లు చూస్తే మిగతాది అర్థమవుతుంది. మేటాస్ అనేది సత్యం ఇంగ్లిష్ అక్షరాలు తిరగేసి పెట్టిన పేరు, కాబట్టి మచ్చ తప్పించుకునే వీల్లేదు. నిర్మాణ కంపెనీ మేటాస్ ఇన్‌ఫ్రా, మౌలిక వసతులకు అప్పులిచ్చే ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ గ్రూపు చేతికి వచ్చాక ఆ గ్రూపు పేరునే పెట్టుకుంది. ఆనాడు అది గట్టి పేరు. 2018లో ఆ గ్రూపే అప్పులు కట్టలేక కూలిపోయి, కేంద్రం దాని బోర్డునూ తప్పించింది. ఒక మచ్చ నుంచి పారిపోయిన కంపెనీ ఇంకో మచ్చ కింద చేరింది. అరువు తెచ్చుకున్న పేరుతో వచ్చే చిక్కు ఇదే: మంచీ చెడూ రెండూ ఇచ్చినవాళ్ల చేతుల్లో ఉంటాయి. మేటాస్ ప్రాపర్టీస్ మాత్రం హిల్ కౌంటీ ప్రాపర్టీస్ అయింది. బాచుపల్లి దగ్గర ఇళ్లు కొన్నవాళ్లు ఆ కాలనీని ఎలాగూ హిల్ కౌంటీ అనే అంటున్నారు. కొత్త పేరు వెతుకుతున్నప్పుడు నేను మొదట చూసేది ఇదే, కస్టమర్ల నోట్లో ఇప్పటికే ఇంకో పేరు ఉందా అని.

మూడోది ఈఎంఆర్‌ఐ. 2005లో రామలింగరాజు చొరవతో మొదలైన అంబులెన్సు సేవ. లేఖ తర్వాత జీవీకే గ్రూపు ముందుకొచ్చింది, పేరు జీవీకే ఈఎంఆర్‌ఐ అయింది. రోడ్డు మీద ప్రమాదం జరిగితే జనం పిలిచింది మాత్రం అప్పుడూ ఇప్పుడూ ‘108’నే. యజమాని మచ్చ ఆ అంకెను తాకలేదు. అలాంటి దాన్ని ముట్టుకోకూడదు.

అభ్యాసం ఈసారి బరువైనదే. మీ ఊళ్లో ఏదో గొడవలో పేరు పడిన ఒక దుకాణాన్నో, హోటల్నో, కాలేజీనో తీసుకోండి. ఇరవై మందిని అడగండి. పదిమంది అక్కడికి వెళ్లేవాళ్లు, పదిమంది ఎప్పుడూ వెళ్లనివాళ్లు ఉండాలి. ‘ఈ పేరు వింటే మీకేం గుర్తొస్తుంది?’ అని మాత్రమే అడగండి. గొడవ సంగతి మీరు ఎత్తకూడదు, ఎత్తితే ఆ జవాబు పనికిరాదు. వాళ్లన్న మొదటి మాటను ఉన్నదున్నట్టు రాసుకోండి. వెళ్లేవాళ్లు సరుకు గురించో, మనుషుల గురించో మాట్లాడి, వెళ్లనివాళ్లు గొడవ గురించి మాట్లాడితే మీ చేతిలో ఉన్నది సత్యం లాంటి కేసు. ఇద్దరూ గొడవే ఎత్తితే, అందులోనూ సరుకునే తిడితే, ముందు సరుకును బాగుచేయాలి. పేరు ఆలోచన ఆ తర్వాతే. ఇద్దరూ యజమాని పేరు ఎత్తి దుకాణాన్ని వదిలేస్తే పేరు ఉంచండి.

తర్వాత ఆ పేరు ఎక్కడెక్కడ ఉందో జాబితా రాయండి: బోర్డు, బిల్లు పుస్తకం, జీఎస్టీ, బ్యాంకు ఖాతా, అద్దె ఒప్పందం, గూగుల్ మ్యాప్, సరుకు సంచులు, ఉద్యోగుల చొక్కాలు. ఒక్కోదాని పక్కన మార్చడానికి పట్టే ఖర్చు, రోజులు వేయండి. ఆ జాబితా లేకుండా పంపిన జవాబులు నేను చూడను. వచ్చే పాఠంలో లోగో.