ఉగాది ఫోటో కింద మన ఇంటి మాట రాకపోతే ఏం చేయాలి?

సమస్య: క్యాప్షన్ బాగానే ఉంది గానీ, ఎవరింటి ఫోటో కింద పెట్టినా సరిపోతుంది

కడపలో ఒక ఇంటి ఫోటో అనుకుందాం. వంటింట్లో జేజి పీట మీద భక్ష్యాలు తడుతోంది, అమ్మ పెనం దగ్గర ఉంది. కింద కూతురు రాసింది ఇది: "షడ్రుచుల సమ్మేళనమైన ఉగాది మీ జీవితాల్లో సుఖసంతోషాలు నింపాలని కోరుకుంటూ మీకు, మీ కుటుంబ సభ్యులకు హార్దిక శుభాకాంక్షలు." తప్పేమీ లేదు. కానీ ఏడురోడ్ల దగ్గర కట్టిన ఫ్లెక్సీ మీదా ఇదే ఉంటుంది. చుట్టాలు కూడా ఫ్లెక్సీని చూసినట్టే చూసి, దండం బొమ్మ ఒకటి పెట్టి వెళ్లిపోతారు.

కారణం వెతకడం కష్టం కాదు. అంత పొడుగు వాక్యంలో పని చేసే మనిషి ఒక్కరూ లేరు. సమ్మేళనం, జీవితాలు, సంతోషాలు తప్ప జేజి లేదు, పెనం లేదు. పైగా ఆ మాట ఊరందరికీ చెప్పినట్టుంది.

కొత్త పదాల కోసం వెతికితే ఇది బాగుపడదు. ఆ పొద్దు వంటింట్లో ఎవరు ఏమన్నారో గుర్తు చేసుకోవాలి. భక్ష్యాలు చేసే ఇంట్లో శనగబేడలు ఉడికాక కట్టు వారుస్తారు, దాంతోనే చారు పెడతారు. పిల్లలెవరైనా తెలియక ఆ నీళ్లు పారబోస్తారేమోనని జేజికి టెన్షన్. ఆమె నోట వచ్చిన మాటనే పైన పెడదాం:

"'కట్టు పారబోయాకు మే, చారుకు కావల్ల!' ఇంకా తెల్లారనే లేదు, జేజి మొదలుపెట్టింది. మా ఇంట్లో ఉగాది వచ్చేసింది. మీ ఇంట్లో ఏమంటున్నారు?"

కట్టు అంటే తెలియనివాళ్లకు కూడా చారు అనేసరికి సంగతి అర్థమవుతుంది, విడమర్చి చెప్పక్కర్లేదు. జేజి మాటను "పారబోయవద్దు, కావాలి" అని దిద్దితే మాత్రం అది జేజి మాట కాకుండా పోతుంది. చివర్లో అడిగిన ప్రశ్నకు అనంతపురంలో ఉన్న పిన్నమ్మ తన ఓళిగల కథ రాస్తుంది చూడండి.

ఇక్కడే చాలామంది చెడగొట్టేది ఇంకొకటుంది. ఇంత చక్కగా రాసి, చివర "జేజి ప్రేమే మాకు అసలైన పండగ" అని ఒక తోక తగిలిస్తారు. కొట్టేయండి. పై మాటలోనే అది తెలిసిపోయింది. మీ మాట నిలబడిందో లేదో తెలియాలంటే ఫోటో చూపించకుండా అక్కకో చెల్లెలికో ఫోన్లో చదివి వినిపించండి. నవ్వి, తనకు గుర్తొచ్చిన ఇంకో మాట కలిపిందంటే సరే. "బాగుందిలే" అని ఊరుకుంటే ఇంకో మాట వెతకాలి.

సమస్య: ఫోటో గుడిది, అందరిదీ అదే

ఉగాది నాడు దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడి ముందు దిగిన ఫోటోలు ఊరంతా పెడతారు. ఆ రోజు ముస్లింలు కూడా దర్శనానికి వచ్చే గుడి అది, కాబట్టి "మతసామరస్యానికి ప్రతీక" అన్న మాట తప్పకుండా వస్తుంది. నిజమే, కానీ అది గుడి సంగతి, మీ ఇంటి సంగతి కాదు. క్యూలో మీ పక్కన నిలబడింది ఎవరు? నాయనకు అంగడి దగ్గర తెలిసినాయన కనబడి అక్కడే మాటల్లో పడ్డాడా? అదే రాయండి, గోపురం ఫోటోలో ఎటూ కనబడుతోంది.

సమస్య: ఈ ఏడు ఇంట్లో పండగ లేదు, అయినా ఏదో ఒకటి పెట్టాలనుంది

ఇంట్లో ఎవరైనా పోతే ఏడాది తిరిగేదాకా పండగ చేసుకోరు. అలాంటప్పుడు మామూలు శుభాకాంక్షల కార్డు పెడితే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు, ఏమీ పెట్టకపోతే దూరంగా ఉన్నవాళ్లు ఫోన్ చేసి అడుగుతారు. శుభాకాంక్షలు అన్న మాట వదిలేసి ఉన్నది చెప్పండి: "ఈ ఏడు మాకు పండగ లేదు. వేపపూత నాయనే కోసుకొచ్చేవాడు. మీరంతా బాగా చేసుకోండి." ఇంతకు మించి వద్దు. పెట్టే ముందు అమ్మకు చూపించండి. ఆమె వద్దంటే వద్దు.

సమస్య: మంచి మాట రాశాను, ఎవరూ చదవలేదు

ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్ మొదటి ఒకట్రెండు వరుసలే కనబడతాయి, మిగతాది more నొక్కితేనే. "అందరికీ ఉగాది శుభాకాంక్షలు" అని మొదలుపెడితే జేజి మాట ఆ more వెనక దాక్కుంటుంది. ఇంటి మాట ముందు, శుభాకాంక్షలు చివర.

పోయినేడు క్యాప్షన్‌నే కాపీ చేసి దిద్దుతున్నట్టయితే సంవత్సరం పేరు కూడా చూసుకోండి. 2025 ఉగాదికి వచ్చింది విశ్వావసు, 2026 ఉగాదికి వచ్చింది పరాభవ. పాత పేరు ఉండిపోతే జేజి మాట ఎవరికీ కనబడదు, కామెంట్లన్నీ దాని మీదే వస్తాయి.