జాబితాను విడగొట్టినా మెయిల్ తప్పు చోటికి వెళ్తుంటే

హైదరాబాద్ పారిశ్రామికవాడల్లోని యూనిట్లకు పేరోల్ సాఫ్ట్‌వేర్ అమ్మే బృందాన్ని ఉదాహరణగా తీసుకుందాం. అమ్మకాల మెయిల్ పంపే జాబితాను సంస్థ పరిమాణం, అందుకునేవారి హోదా ప్రకారం విడగొట్టాక కూడా తరచుగా ఎదురయ్యే లోపాలివి.

సమస్య: ఎనిమిది మంది ఉన్న వర్క్‌షాపుకు పెద్ద కంపెనీల కోసం రాసిన మెయిల్ వెళ్లింది.

కారణం: కొనుక్కున్న జాబితాల్లో ఉద్యోగుల సంఖ్య 2-10, 11-50 లాంటి శ్రేణులుగా ఉంటుంది. ఆ ఫైలును నేరుగా తెరిస్తే ఎక్సెల్ వాటిని తేదీలుగా మార్చేస్తుంది. తేదీ లోపల వేలల్లో ఉండే సంఖ్య కాబట్టి చిన్న వర్క్‌షాపు పెద్ద గుంపులో చేరిపోతుంది. ఖాళీ గడిని మాత్రం సున్నాగా లెక్కించడం వల్ల అది చిన్న గుంపులోకి జారుతుంది.

పరిష్కారం: ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా దిగుమతి చేసుకుని, అసలు సంఖ్యను C నిలువు వరుసలో విడిగా నమోదు చేయాలి.

```
=IF(COUNT(C2)=0,"తెలియదు",IF(C2<10,"A",IF(C2<20,"B","C")))
```

"తెలియదు" అని వచ్చినవారికి సంఖ్య తేలేదాకా మెయిల్ పంపకూడదు. ఇక్కడ 10, 20 అన్న హద్దులు ఊరికే ఎంచుకున్నవి కావు. సాధారణంగా పది మంది ఉంటే ఈఎస్ఐ, ఇరవై మంది ఉంటే పీఎఫ్ వర్తిస్తాయి. కనుక కొనేవారి ఇబ్బంది మారేది అక్కడే. B గుంపుకు ఈఎస్ఐ చలానా గురించీ, సిబ్బంది ఇరవైకి చేరితే మొదలయ్యే పీఎఫ్ గురించీ రాయవచ్చు. C గుంపు ఆ రెండు చలానాలనూ తరువాతి నెల 15లోగా కట్టాలి కాబట్టి, ఆ గడువు గురించి రాస్తేనే వారికి పనికొస్తుంది.

సమస్య: జాబితాలో 15 మంది ఉన్న ఫ్యాక్టరీలో నిజానికి 150 మంది పనిచేస్తున్నారు.

కారణం: లింక్డ్‌ఇన్ ప్రొఫైళ్లను లెక్కపెట్టి ఆ సంఖ్య వేశారు. షాప్ ఫ్లోర్ కార్మికుల్లో చాలామందికి అక్కడ ఖాతాలుండవు.

పరిష్కారం: ఈపీఎఫ్ఓ వెబ్‌సైటులోని సంస్థల శోధనలో పేరు వెతికితే, నెలవారీ చెల్లింపులతోపాటు ఎంతమందికి కట్టారో కనిపిస్తుంది. అయితే కాంట్రాక్టు కార్మికులు కాంట్రాక్టరు కోడ్ కింద ఉండవచ్చు కాబట్టి, దాన్ని కనీస సంఖ్యగానే తీసుకోవాలి.

సమస్య: "మేనేజర్"కు రాస్తే, "ఇది నా పని కాదు" అని జవాబు వస్తోంది.

కారణం: హోదా పేరు ఒకటే అయినా పని సంస్థ పరిమాణాన్ని బట్టి మారుతుంది. పదిహేను మంది ఉన్నచోట మేనేజర్ ఉత్పత్తి చూసుకుంటే, చలానాను అకౌంటెంటో బయటి కన్సల్టెంటో కడతారు; డబ్బు మంజూరు చేసేది యజమాని. మూడు వందల మంది ఉన్నచోట దీనికి హెచ్‌ఆర్ విభాగమే ఉంటుంది.

పరిష్కారం: హోదా పక్కన "చలానా కట్టేవారు", "డబ్బు మంజూరు చేసేవారు" అని మరో వరుస పెట్టి, ఒక్క ఫోన్ కాల్‌తో నింపుకోవాలి. మొదటివారికి నెలాఖరు పని ఎలా తగ్గుతుందో, రెండోవారికి ఆలస్యమైతే పడే వడ్డీ, జరిమానా ఎలా తప్పుతాయో రాయాలి. కన్సల్టెంటుకు మాత్రం ఈ రెండూ పంపకూడదు. మన సాఫ్ట్‌వేర్ తన పనిని లాక్కుంటుందనుకుంటే ఆయనే అడ్డుపడతాడు.