రంగుకు ముందు 48 గంటలు

అమ్మోనియా లేని జుట్టు రంగు కొన్నా, వేసిన మరునాడే అమ్మకు చెవుల వెనుక దురద, ఎర్రటి దద్దుర్లు వచ్చాయి. కారణం అమ్మోనియా కాదని, నల్లరంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనమని చర్మవైద్యురాలు తేల్చారు. అందుచేత ఈసారి పీపీడీ గాని, దానికి దగ్గరిదైన పీటీడీ గాని లేని రంగును ఆమె సలహాతో ఎంచుకుని, అమ్మ మోచేతి మడతలో చుక్క రాశాను. అలాంటి దద్దుర్లు ఆలస్యంగా బయటపడతాయి కనుక, "ఏమీ కాలేదుగా, వేసెయ్యమ్మా" అని అమ్మ తొందరపెట్టినా 48 గంటలూ ఆగాను.

చర్మం మామూలుగానే ఉన్నాక, అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, నుదుటి అంచుకూ చెవులకూ పెట్రోలియం జెల్లీ రాసి, చేతితొడుగులు వేసుకుని, పాత టూత్‌బ్రష్‌తో సన్నటి పాయలకు మాడు తడవకుండా రంగు పూశాను. డబ్బాపై రాసిన సమయం కాగానే, మెడ వెనక్కి వంచితే ఆమెకు కళ్లు తిరుగుతాయి కాబట్టి, కూర్చున్నచోటే కళ్లపై తువ్వాలు అదిమి, తల ముందుకు వంచి గోరువెచ్చటి నీళ్లతో కడిగాను.