కరెన్సీ పడిపోతే పెట్రోలు, ఫోన్ ఎంత పెరుగుతాయి, ఎగుమతిదారుకు ఎంత మిగులుతుంది: లెక్క వేయడం ఎలా?

డాలరు విలువ పెరిగి మన కరెన్సీ పడిపోయిందన్న వార్త రాగానే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. పెట్రోలు, ఫోన్లు మండిపోతాయని కొందరు, ఎగుమతిదారులకు పండగేనని ఇంకొందరు. రెండూ నిజమే కానీ ఎంత నిజమో తెలియాలంటే కాగితం, పెన్ను తీసుకుని కూర్చోవాలి. ప్రతి వస్తువు దగ్గరా వేయాల్సిన ప్రశ్న ఒకటే: ఇందులో డాలర్లలో కదిలే భాగం ఎంత, స్వదేశీ కరెన్సీలో నిలబడి ఉండే భాగం ఎంత?

ఏ దేశానికైనా సరిపోయేలా ఇక్కడ స్వదేశీ కరెన్సీని ‘యూనిట్’ అందాం. నిన్నటిదాకా డాలరుకు 100 యూనిట్లు, ఇవాళ 125. ఇంత పతనం మామూలుగా ఒక్క రోజులో జరగదు. లెక్క తేలిగ్గా ఉంటుందని ఈ అంకెలు తీసుకున్నాను.

1. ముందు శాతం సరిగ్గా తీయండి

డాలరు 100 నుంచి 125కి చేరితే మన కరెన్సీ ఎంత పడింది? చాలామంది 25 శాతం అంటారు. నేనూ చాలాకాలం అలాగే అనేవాణ్ణి. నిజానికి పడింది 20 శాతమే. ఇదివరకు ఒక యూనిట్‌కు ఒక సెంటు వచ్చేది, ఇప్పుడు 0.8 సెంటు వస్తోంది. కానీ డాలరు కొనడానికి మన జేబులోంచి పోయేది మాత్రం 25 శాతం ఎక్కువ. దిగుమతి బిల్లుకు పనికొచ్చేది ఈ రెండో అంకె.

1967 నవంబరులో బ్రిటన్ తన పౌండు విలువను 2.80 డాలర్ల నుంచి 2.40 డాలర్లకు తగ్గించింది. పౌండు తగ్గింది 14.3 శాతం. అయితే ఒక డాలరు సరుకు కొనడానికి అయ్యే పౌండ్లు పెరిగింది 16.7 శాతం. పతనం పెద్దదయ్యేకొద్దీ ఈ రెండు అంకెల మధ్య దూరం కూడా పెరుగుతుంది. అందుకే వార్తలో ‘ఇంత శాతం పడింది’ అని చదివినప్పుడు పాత రేటు, కొత్త రేటు రెండూ చూసి మీరే భాగించుకోవడం మంచిది.

2. బిల్లు ఏ కరెన్సీలో వస్తుందో చూడండి

ముడిచమురు ఏ దేశం నుంచి వచ్చినా అంతర్జాతీయ మార్కెట్‌లో దాని ధర దాదాపుగా డాలర్లలోనే పలుకుతుంది. కాబట్టి అమ్మే దేశం కరెన్సీతో మన కరెన్సీ ఎలా ఉందన్నది ఇక్కడ పెద్దగా పట్టదు, డాలరుతో ఎలా ఉందన్నదే ముఖ్యం. ఫోన్లలోని చిప్‌లు, మెమరీ, డిస్‌ప్లేల వ్యాపారం కూడా ఎక్కువగా డాలర్లలోనే నడుస్తుంది.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం వస్తుంది. దేశంలోనే తవ్విన చమురు ధర ఎందుకు పెరగాలి? తవ్వినవాడికి దాన్ని బయట డాలర్లకు అమ్ముకునే దారి ఉంటే, ఇంట్లోవాళ్ళకు తక్కువకు అమ్మడానికి అతనికి కారణమేమీ లేదు. శుద్ధి కర్మాగారం కూడా బయటి నుంచి తెప్పిస్తే ఎంతవుతుందో అంతే ఇవ్వడానికి సిద్ధపడుతుంది. ప్రభుత్వం కట్టడి చేస్తే తప్ప ఇంటి చమురుకూ డాలరు ధరే వర్తిస్తుంది.

3. లీటరు ఇంధనాన్ని విడగొట్టండి

ఒక బ్యారెల్ అంటే సుమారు 159 లీటర్లు. ముడిచమురు బ్యారెల్ 80 డాలర్లు ఉంటే లీటరుకు దాదాపు అర డాలరు. ఓడ కిరాయి, శుద్ధి వంటివి కలిపి మరో 10 సెంట్లు అనుకుందాం. మొత్తం 60 సెంట్లు. పాత రేటులో ఇది 60 యూనిట్లు. దానిపై లీటరుకు ఇంతని స్థిరంగా వేసే పన్ను 30, లోపలి రవాణా, బంకు కమిషన్ కలిపి 10. బంకులో ధర 100 యూనిట్లు.

ఇప్పుడు డాలరు 125 అయింది. ఆ 60 సెంట్లు 75 యూనిట్లయ్యాయి. పన్ను 30, మిగతా ఖర్చు 10 కదల్లేదు. కొత్త ధర 115. డాలరు 25 శాతం పెరిగితే బంకులో పెరిగింది 15 శాతమే. కదలని పన్ను ఇక్కడ కాస్త మెత్తలా పనిచేసింది.

అదే పన్ను స్థిరంగా కాకుండా విలువపై 50 శాతం అయితే సంగతి వేరు. 60 మీద 30 ఉన్న పన్ను 75 మీద 37.50 అవుతుంది. బంకు ధర 122.50కి చేరుతుంది. వినియోగదారుడు పతనం భారంతో పాటు దానిమీద పన్ను కూడా మోస్తాడు. అందుకే ఒకే స్థాయిలో కరెన్సీలు పడిన రెండు దేశాల్లో పెట్రోలు ఒకేలా పెరగదు.

లెక్క తప్పేది ఎక్కువగా చమురు ధర కూడా కదిలినప్పుడు. బ్యారెల్ 80 నుంచి 64 డాలర్లకు దిగితే, 64ను 125తో గుణించినా 80ని 100తో గుణించినా వచ్చేది 8,000 యూనిట్లే. పతనం మొత్తం మాయమైనట్టు కనిపిస్తుంది. రెండూ ఒకేసారి ఎదురు తిరిగితే మాత్రం దెబ్బ గట్టిగా తగులుతుంది. 2022లో జపాన్‌కు అదే జరిగింది. ఏడాది మొదట్లో డాలరుకు 115 దగ్గర ఉన్న యెన్ అక్టోబరులో 150 దాటింది. అదే ఏడాది చమురు కూడా మార్చిలో 120 డాలర్ల పైకి వెళ్ళింది. అక్కడి ప్రభుత్వం చమురు సంస్థలకు సబ్సిడీ ఇచ్చి బంకు ధర మరీ ఎగబాకకుండా ఆపింది. కాబట్టి బంకులో ధర కదల్లేదంటే భారం లేనట్టు కాదు. అది పన్ను కోతగానో, సబ్సిడీగానో, చమురు కంపెనీ నష్టంగానో ఎక్కడో కూర్చుని ఉంటుంది.

4. ఫోన్ లెక్కలో ఆలస్యాన్ని కలపండి

పెట్రోలు ధర రోజుల్లో, వారాల్లో కదులుతుంది. ఎలక్ట్రానిక్స్ అలా కాదు. గోదాములో ఉన్న సరుకు పాత రేటుకు వచ్చింది. దారిలో ఉన్నదానికి డాలర్లు ముందే కొనిపెట్టి ఉండొచ్చు. పైగా నెలకోసారి ధర మార్చడం కంపెనీలకు ఇష్టం ఉండదు. అందుకే కొన్ని నెలలు ఏమీ జరగనట్టుంటుంది, తర్వాత ఒక్కసారిగా పెరుగుతుంది.

మన ఉదాహరణలో రేవుకు చేరేసరికి 300 డాలర్లు పడే ఫోన్ తీసుకోండి. పాత రేటులో 30,000 యూనిట్లు. సుంకం 20 శాతం అంటే 6,000. పంపిణీదారు, దుకాణం ఖర్చులు, లాభం కలిపి 9,000. అమ్మకం ధర 45,000. కొత్త రేటులో 37,500, దానిపై సుంకం 7,500, మిగతా 9,000. మొత్తం 54,000. పెరుగుదల 20 శాతం. స్వదేశంలో బిగించిన ఫోన్ అయినా పెద్ద తేడా రాదు, ఎందుకంటే ఖరీదైన భాగాలన్నీ బయటి నుంచే వస్తాయి. ఇక్కడి కూలి మొత్తం ధరలో చిన్న ముక్క.

2016 జూన్‌లో యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలా అన్నదానిపై బ్రిటన్ జరిపిన ప్రజాభిప్రాయ సేకరణకు ముందు పౌండు 1.5 డాలర్ల దగ్గర ఉండేది. అక్టోబరు చివరికి 1.22 ప్రాంతానికి వచ్చింది. అప్పుడు యాపిల్ అక్కడ మ్యాక్ ధరలు పెంచింది. 2013లో విడుదలైన మ్యాక్ ప్రో, ఒక్క స్క్రూ కూడా మారకుండానే, 2,499 పౌండ్ల నుంచి 2,999కి వెళ్ళింది. పౌండు పడిన నాలుగు నెలలకు 20 శాతం.

ధర పట్టీ మీద ఏమీ మారకపోతే పండగ తగ్గింపులు చూడండి. అవి చిన్నవవుతాయి. లేదా అదే ధరకు తక్కువ మెమరీ ఉన్న మోడల్ వస్తుంది.

5. ఎగుమతిదారు లాభాన్ని విడిగా కట్టండి

ఇప్పుడు అవతలి వైపు. ఒక చొక్కాను 10 డాలర్లకు అమ్మే కుట్టు కర్మాగారం అనుకుందాం. పాత రేటులో ఆదాయం 1,000 యూనిట్లు. దిగుమతి చేసుకునే బట్ట, రంగులు 4 డాలర్లు, అంటే 400. జీతాలు, కరెంటు, అద్దె 500. మిగిలేది 100.

కొత్త రేటులో ఆదాయం 1,250. దిగుమతి సరుకు 500. జీతాలు, అద్దె ఇంకా 500లోనే ఉన్నాయి. మిగిలింది 250. డాలరు పెరిగింది 25 శాతం, లాభం మాత్రం రెండున్నర రెట్లయింది! చొక్కా ఒక్కటి కూడా ఎక్కువ అమ్మలేదు. అతని ఆదాయం డాలర్లలో, ఖర్చులో పెద్ద భాగం స్వదేశీ కరెన్సీలో ఉండటమే దీనికి కారణం. ఫోన్ కొనేవాడి పరిస్థితి దీనికి సరిగ్గా తలకిందులు: ఆదాయం యూనిట్లలో, ఖర్చు డాలర్లలో.

ఈ 250 ఎంతకాలం నిలుస్తుందన్నది అసలు సంగతి. విదేశీ కొనుగోలుదారు కూడా వార్తలు చదువుతాడు. ‘మీ కరెన్సీ పడిందిగా, డాలరు తగ్గించండి’ అంటాడు. ధర 9 డాలర్లకు దిగితే ఆదాయం 1,125, లాభం 125. దాదాపు మొదటికే వచ్చాం. అయితే తక్కువ ధరకు ఆర్డర్లు పెరిగే అవకాశం ఉంది, బేరం అక్కడే. పెట్రోలు, కరెంటు పెరిగి జీతాలు కూడా పెంచాల్సి వస్తే ఆ 500 మెల్లగా 600 అవుతుంది.

ఇంకో చిక్కు ఫార్వర్డ్ కాంట్రాక్టు. రేటు ఎటు పోతుందోనన్న టెన్షన్ లేకుండా, రాబోయే డాలర్లను ముందే బ్యాంకుకు 102 చొప్పున అమ్మేసుకున్నాడనుకోండి. మార్కెట్‌లో 125 ఉన్నా అతనికి వచ్చేది 1,020. బట్ట మాత్రం కొత్త రేటుకే కొంటే 500, జీతాలు 500. మిగిలేది 20. కరెన్సీ పడి కూడా దెబ్బతిన్న ఎగుమతిదారు ఇతను. ఆదాయానికి వేసుకున్న తాళం ఖర్చుకు వేసుకోలేదు.

అంటే ఎగుమతిదారులందరికీ ఒకే ఫలితం ఉండదు. బయటి సరుకు దాదాపు అక్కర్లేని సాఫ్ట్‌వేర్ సేవలవాళ్ళకు ఎక్కువ మిగులుతుంది. విడిభాగాలు తెప్పించి బిగించి పంపేవాళ్ళకు తక్కువ. 10 డాలర్ల అమ్మకంలో 8 డాలర్లు దిగుమతి సరుకే అయి, ఇంటి ఖర్చు 100 యూనిట్లే ఉంటే లాభం 100 నుంచి 150కి మాత్రమే చేరుతుంది. డాలర్లలో అప్పు ఉంటే ఆ వాయిదాలు కూడా 25 శాతం పెరుగుతాయి, అది మర్చిపోకండి.

6. దేశం మొత్తానికి వచ్చేసరికి తొందరపడకండి

ఎగుమతిదారులు బాగుపడ్డారు కాబట్టి దేశ వాణిజ్య లోటు వెంటనే తగ్గుతుందని అనుకుంటాం. మొదట్లో తరచూ అది పెరుగుతుంది. దిగుమతి బిల్లు వెంటనే బరువెక్కుతుంది, చమురు వాడకాన్ని జనం ఉన్నట్టుండి మానలేరు, కొత్త ఎగుమతి ఆర్డర్లు రావడానికి నెలలు పడుతుంది. మొదట దిగజారి తర్వాత మెరుగుపడే ఈ వంపును ఆర్థికవేత్తలు జె-కర్వ్ అంటారు. జపాన్ 2022లో యెన్ లెక్కన ఎగుమతులు బాగా పెంచుకుని కూడా దాదాపు 20 లక్షల కోట్ల యెన్‌ల రికార్డు వాణిజ్య లోటు చూసింది. 1967లో పౌండు విలువ తగ్గించిన బ్రిటన్‌కు విదేశీ చెల్లింపుల ఖాతాలో మిగులు కనిపించింది 1969లో.